పదహారు గడులా, రెండు చిన్న చదరాలా? జన్యు లెక్కకు ఏ పద్ధతి ఎంచుకోవాలి

ట్యూషన్ అయిపోయి పిల్లలంతా మేడ దిగిపోయాక, ఆమదాలవలస వెళ్ళాల్సిన ఒక అమ్మాయి పోయిన వారం నోట్సు పట్టుకుని నా దగ్గరే నిలబడిపోయింది. "మాస్టారూ, పదహారు గడులూ నింపానండి. రెండుసార్లు చెరిపి మళ్ళీ వేశాను. అయినా 9:3:3:1 రావట్లేదు, 6:6:2:2 వస్తోంది. ఎక్కడ తప్పానో చూడండి" అంది. చూశాను. ఎక్కడా తప్పలేదు. లెక్కలో ఇచ్చిన బఠానీ మొక్కలు RrYy, Rryy. R అంటే గుండ్రని గింజ, r ముడతల గింజ, Y పసుపు, y ఆకుపచ్చ. వాటికి రావాల్సిన జవాబే 6:6:2:2, కుదిస్తే 3:3:1:1. సరైన జవాబును రెండుసార్లు చెరిపేసి, బస్సు టైముకి టెన్షన్ పడుతూ నిలబడింది పాపం.

శ్రీకాకుళంలో ఇన్నేళ్ళుగా పదో తరగతికీ, ఇంటర్‌కీ జీవశాస్త్రం చెబుతున్నాను. జన్యుశాస్త్రం లెక్కల్లో పిల్లలు తడబడేది ఎక్కువగా ఇక్కడే. గడులు నింపడం అందరికీ వస్తుంది. ఏ లెక్కకు ఎన్ని గడులు గీయాలో, అసలు గడులు గీయాలో వద్దో, వచ్చిన నిష్పత్తిని నమ్మాలో వద్దో తేల్చుకోవడమే రాదు. అందుకే ఒకే లెక్కను మూడు దారుల్లో చేసి చూపిస్తాను. పెద్ద చదరం, రెండు చిన్న చదరాలు, కొమ్మల పద్ధతి. వీటిలో మీకు ఏది సరిపోతుందో మీరే చూసుకోండి.

ఎంచుకునే ముందు చూడాల్సినవి

మొదట ప్రశ్న ఏమడుగుతోందో చూడాలి. "F2 తరం దృశ్యరూప నిష్పత్తి రాయండి" అంటే అన్ని రకాలూ కావాలి. "ముడతల ఆకుపచ్చ గింజలు ఎన్నో వంతు?" అంటే ఒక్క రకం చాలు. రెండో ప్రశ్నకు పదహారు గడులు గీయడం అంటే ఒక్క కొబ్బరికాయ కోసం తోటలో చెట్లన్నీ ఎక్కినట్టే.

తరువాత జనకుల జన్యురూపం చూడాలి. అందులో పెద్దక్షరం, చిన్నక్షరం కలిసి ఉన్న జతలు ఎన్ని? Rr లాంటి విషమయుగ్మజ జత నుంచి రెండు రకాల బీజకణాలు వస్తాయి. RR, rr, yy లాంటి సమయుగ్మజ జత నుంచి ఒకటే రకం వస్తుంది. కాబట్టి RrYy మొక్క నాలుగు రకాల బీజకణాలు ఇస్తుంది, Rryy రెండే ఇస్తుంది. ఆ అమ్మాయి Rryy మొక్కకు కూడా Ry, Ry, ry, ry అని నాలుగు రాసుకుంది. అది తప్పు కాదు కానీ అనవసరం. Ry, ry అని రెండే రాస్తే ఎనిమిది గడులతో పని అయిపోయేది.

మూడోది చాలామంది అసలు పట్టించుకోరు. ఈ రెండు లక్షణాల జన్యువులు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా విడిపోతున్నాయా? మెండెల్ బఠానీల గింజ ఆకారం, గింజ రంగు విషయంలో ఔను, ఆ రెండు జన్యువులూ వేర్వేరు క్రోమోజోముల మీద ఉన్నాయి. కానీ ప్రతి లెక్కలోనూ ఇది నిజం కాదు. ఆ సంగతికి చివర్లో వద్దాం, ఎందుకంటే పద్ధతుల మధ్య అసలు తేడా అక్కడే బయటపడుతుంది.

అన్నిటికంటే ముందు బీజకణాల వరుస

ఏ పద్ధతి పట్టుకున్నా బీజకణాలు తప్పు రాస్తే తరువాతదంతా తప్పే. నేను ఎక్కువగా చూసే తప్పు ఒకటుంది. RrYy కి బీజకణాలు రాయమంటే Rr ఒకటి, Yy ఒకటి అని రాసేస్తారు. చూడ్డానికి చక్కగా రెండుగా విడిపోయినట్టే ఉంటుంది. కానీ Rr అన్న బీజకణంలో ఆకారానికి రెండు అక్షరాలున్నాయి, రంగుకు ఒక్కటీ లేదు. అలాంటి బీజకణం ఉండదు. ప్రతి బీజకణంలోనూ ఆకారానికి ఒక అక్షరం, రంగుకు ఒక అక్షరం ఉండాలి. పృథక్కరణ సూత్రం చెప్పేది అదే. జతలోని ఇద్దరూ విడిపోతారు, ఒక్కో బీజకణంలోకి ఒక్కరే వెళతారు.

సరిచూసుకోవడం తేలిక. రెండు లక్షణాల లెక్కలో బీజకణానికి రెండక్షరాలు, అవి రెండు వేర్వేరు అక్షరాలు. గడికి నాలుగక్షరాలు. ఏ గడిలోనైనా RRrr లాంటిది కనిపించిందంటే గడిని దిద్దకండి, పైవరుసలోకి వెళ్ళి బీజకణాన్ని దిద్దండి.

ఒకే లక్షణం: నాలుగు గడులు చాలు

ఒక లక్షణానికి నాలుగు గడుల చదరమే అన్నిటికంటే మంచిది. ఇక్కడ పోటీ లేదు. Rr మొక్కను Rr మొక్కతో సంకరణం చేస్తే:

| | R | r |
|---|---|---|
| R | RR | Rr |
| r | Rr | rr |

R బహిర్గతం కాబట్టి మూడు గడులు గుండ్రం, ఒకటి ముడతలు. 3:1. మెండెల్‌కు F2 లో 5474 గుండ్రని గింజలు, 1850 ముడతల గింజలు వచ్చాయి. భాగిస్తే 2.96 వస్తుంది. ఖచ్చితంగా 3 రాలేదు, రానక్కర్లేదు కూడా.

ఎందుకు రానక్కర్లేదో పిల్లలకు చింతపిక్కలతో చూపిస్తాను. రెండు పిక్కలు తీసుకుని ఒక్కోదాన్ని ఒకవైపు గచ్చు మీద తెల్లగా వచ్చేదాకా అరగదీస్తాం. ఆటలో పాచికలకు చేసుకున్నట్టే. నల్లవైపు R, తెల్లవైపు r. ఒక పిక్క తండ్రి మొక్క, ఒకటి తల్లి మొక్క. రెండూ కలిపి వేసి, రెండూ తెల్లగా పడితేనే ముడతల గింజ అని రాసుకోమంటాను. నాలుగుసార్లు వేస్తే కొందరికి రెండు ముడతలు పడతాయి, కొందరికి ఒక్కటీ పడదు. క్లాసు మొత్తం వేసినవి కలిపితే మూడుకు ఒకటి దగ్గరకు వస్తుంది. చదరంలోని గడి పుట్టిన గింజ కాదు, గింజ అలా పుట్టే అవకాశం. ఈ ఒక్క మాట అర్థమైతే తరువాతి లెక్కలన్నీ తేలికవుతాయి. ఒక పిక్కను మరీ ఎక్కువ అరగదీస్తే అది ఒకవైపే ఎక్కువ పడుతుంది, అప్పుడు 3:1 రాదు. ఆ పిక్కను పారేయకుండా దాచమంటాను, దానితో ఇంకో పని ఉంది.

ఇదే నాలుగు గడుల చదరం ఏజెన్సీ పల్లెల నుంచి వచ్చే పిల్లలకు ఇంకో విధంగా అవసరం. అక్కడ సికిల్ సెల్ పరీక్షలు చేస్తున్నారు, ఇంట్లో కార్డులుంటాయి. మామూలు హిమోగ్లోబిన్ జన్యువు A, సికిల్ జన్యువు S. తల్లి AS, తండ్రి AS అయితే గడుల్లో AA ఒకటి, AS రెండు, SS ఒకటి. జబ్బు ఉందా లేదా అని చూస్తే 3:1. రక్తపరీక్షలో ఏ హిమోగ్లోబిన్ ఉందో చూస్తే 1:2:1, ఎందుకంటే AS వాళ్ళు పరీక్షలో వేరుగా కనిపిస్తారు. గడులు మారలేదు, మనం దేన్ని చూస్తున్నామన్నది మారింది. దృశ్యరూప నిష్పత్తి రాసేముందు "నేను చూస్తున్న లక్షణం ఏది?" అని అడుగుకోవాల్సింది ఇందుకే. చంద్రకాంత పూలలో ఎరుపు, తెలుపు కలిసి గులాబీ రంగు వచ్చినప్పుడు కూడా 1:2:1 వచ్చేది అందుకే, మధ్యరకం కంటికే కనిపిస్తుంది కాబట్టి.

ఈ సికిల్ సెల్ లెక్క చెప్పాక ఒక పిల్లాడు, "మొదటి బిడ్డకు జబ్బు వస్తే మిగతా ముగ్గురికీ రాదాండి?" అని అడిగాడు. రాదని చెప్పలేం. ప్రతి కాన్పులోనూ పిక్కలు మళ్ళీ కొత్తగా పడతాయి. ప్రతి బిడ్డకూ నాలుగో వంతు అవకాశం అలాగే ఉంటుంది. నాలుగు గడులంటే నలుగురు పిల్లలు కాదు.

ఇంకో చిన్న మెలిక కూడా పరీక్షల్లో వస్తుంది. "గుండ్రని గింజ ఒకటి తీశాం, అది విషమయుగ్మజం అయ్యే అవకాశం ఎంత?" సగం అని రాస్తారు. కానీ గింజ గుండ్రం అని ముందే తెలుసు కాబట్టి rr గడిని కొట్టేయాలి. మిగిలిన మూడింటిలో రెండు Rr. జవాబు 2/3.

రెండు లక్షణాలు: పెద్ద చదరం

కేంబ్రిడ్జిలో పనిచేసిన పన్నెట్ 1905 ప్రాంతంలో గీసిన ఈ చదరమే మన పాఠ్యపుస్తకాల్లో ఉంది. RrYy × RrYy కి:

| | RY | Ry | rY | ry |
|---|---|---|---|---|
| RY | RRYY | RRYy | RrYY | RrYy |
| Ry | RRYy | RRyy | RrYy | Rryy |
| rY | RrYY | RrYy | rrYY | rrYy |
| ry | RrYy | Rryy | rrYy | rryy |

లెక్కపెట్టేటప్పుడు ఎడమ నుంచి కుడికి చదువుకుంటూ పోకండి, మధ్యలో ఒకటి వదిలేస్తారు. అరుదైన దాని నుంచి మొదలుపెట్టండి. rryy ఒక్కటే, కింద మూల గడి. rr ఉండి Y కూడా ఉన్నవి మూడు. yy ఉండి R కూడా ఉన్నవి మూడు. మిగిలినవన్నీ గుండ్రని పసుపు, తొమ్మిది. rryy ఒకటి కంటే ఎక్కువ వచ్చిందంటే బీజకణాల వరుసలో ఏదో రెండుసార్లు రాశారన్నమాట.

మెండెల్ లెక్కపెట్టిన 556 గింజల్లో గుండ్రని పసుపు 315, గుండ్రని ఆకుపచ్చ 108, ముడతల పసుపు 101, ముడతల ఆకుపచ్చ 32. మొత్తాన్ని 16 తో భాగించి 9, 3, 3, 1 తో గుణిస్తే దాదాపు 313, 104, 104, 35 వస్తాయి. ఎంత దగ్గరో చూడండి.

పెద్ద చదరం చేసే మేలు ఒకటి చిన్నవాటిలో కనపడదు. తొమ్మిది గుండ్రని పసుపు గడుల్లోకి తొంగి చూస్తే RRYY ఒకటి, RRYy రెండు, RrYY రెండు, RrYy నాలుగు ఉంటాయి. బయటికి అన్నీ ఒకేలా ఉంటాయి. మెండెల్ ఆ 315 గింజల్ని నాటాడు. వాటిలో కాసిన 301 మొక్కల్ని చూస్తే 38 గుండ్రని పసుపు మాత్రమే ఇచ్చాయి, 65 పసుపుతో పాటు ఆకుపచ్చ కూడా ఇచ్చాయి, 60 గుండ్రంతో పాటు ముడతలు కూడా ఇచ్చాయి, 138 నాలుగు రకాలూ ఇచ్చాయి. 1:2:2:4. చదరంలో కళ్ళెదుట ఉన్నదే తోటలో కాసింది. విత్తనం కోసం నిఖార్సైన రకం కావాలనుకునే రైతుకు ఆ తొమ్మిదిలో పనికొచ్చేది ఒక్కటే. ఈ లోపలి సంగతి అర్థం కావాలంటే పెద్ద చదరం మీ చేత్తో ఒకటి రెండుసార్లు గీసి తీరాలి.

నష్టం మాత్రం టైము. పదహారు గడులకు నాలుగేసి అక్షరాల చొప్పున అరవై నాలుగు అక్షరాలు రాయాలి. చిన్న y, పెద్ద Y చేతిరాతలో ఒకేలా పడతాయి. లెక్క తప్పడానికి అది చాలు. y కింద తోకకు ఒక గీత పెట్టుకోమని మా పిల్లలకు చెబుతాను.

రెండు లక్షణాలు: రెండు చిన్న చదరాలు

నా మొగ్గు ఎప్పుడూ దీనివైపే. రెండు లక్షణాలూ దేనికవి విడిపోతున్నప్పుడు రెంటినీ ఒకే చదరంలో కుక్కాల్సిన పనే లేదు. ఆకారానికి ఒక చదరం, రంగుకు ఒక చదరం వేసి, వచ్చిన వంతుల్ని గుణించాలి. మెండెల్ కూడా గడులు గీయలేదు. ఆయన A + 2Aa + a అని ఒక లక్షణానికి, B + 2Bb + b అని ఇంకో లక్షణానికి రాసుకుని రెంటినీ కలిపాడు. 1866 లో అచ్చైన ఆయన వ్యాసంలో ఉన్న దారి ఇదే.

ఆమదాలవలస అమ్మాయి లెక్కనే ఇలా చేద్దాం. RrYy × Rryy.

ఆకారం: Rr × Rr. గుండ్రం 3/4, ముడతలు 1/4.

రంగు: Yy × yy.

| | y | y |
|---|---|---|
| Y | Yy | Yy |
| y | yy | yy |

పసుపు 1/2, ఆకుపచ్చ 1/2. ఇక గుణించడమే.

గుండ్రని పసుపు 3/4 × 1/2 = 3/8. గుండ్రని ఆకుపచ్చ కూడా 3/8. ముడతల పసుపు 1/4 × 1/2 = 1/8. ముడతల ఆకుపచ్చ 1/8. కలిపితే 8/8 రావాలి, వచ్చింది. నిష్పత్తి 3:3:1:1.

9:3:3:1 ఎందుకు రాలేదో ఇక్కడ కళ్ళకు కట్టినట్టు కనిపిస్తుంది. ఆకారంలో 3:1 ఉంది, రంగులో 1:1 ఉంది. రెండు 3:1 లు కలిస్తేనే 9:3:3:1. ఒక 3:1, ఒక 1:1 కలిస్తే 3:3:1:1. రెండు 1:1 లు కలిస్తే 1:1:1:1, పరీక్షా సంకరణంలో వచ్చేది అదే. ఇది చూపించగానే ఆ అమ్మాయి, "అయితే మాస్టారూ, నిష్పత్తి చూసి వెనక్కి వెళ్ళి జనకుల్ని కూడా చెప్పొచ్చన్నమాట!" అంది. చెప్పొచ్చు. 3:3:1:1 కనిపిస్తే ఒక లక్షణంలో ఇద్దరూ విషమయుగ్మజాలు, రెండో లక్షణంలో ఒకరు విషమయుగ్మజం, ఇంకొకరు అంతర్గత సమయుగ్మజం. జనకుల్ని కనుక్కోమనే ప్రశ్నలకు పెద్ద చదరం ఇంత సూటిగా దారి చూపదు.

ఒకే రకం అడిగినప్పుడు ఇంకా తేలిక. RrYy × RrYy లో Rryy ఎన్నో వంతు? Rr సగం, yy నాలుగో వంతు. 1/2 × 1/4 = 1/8. రెండు లైన్లు చాలు.

కొమ్మల పద్ధతి

ఇది రెండు చిన్న చదరాల పద్ధతినే చెట్టు బొమ్మలా రాయడం. గుండ్రం 3/4 అని ఒక కొమ్మ, దాని నుంచి పసుపు, ఆకుపచ్చ రెండు రెమ్మలు. ముడతలు 1/4 అని ఇంకో కొమ్మ, దానికీ రెండు రెమ్మలు. రెండు లక్షణాలకు దీనివల్ల పెద్దగా లాభం లేదు. మూడు లక్షణాలు వస్తే మాత్రం ఇదే అన్నిటికంటే మేలు. పెద్ద చదరానికి అప్పుడు 64 గడులు కావాలి, కొమ్మలకు ఎనిమిది రెమ్మలు చాలు, 27:9:9:9:3:3:3:1 నేరుగా వచ్చేస్తుంది.

| చూడాల్సింది | పెద్ద చదరం | రెండు చిన్న చదరాలు | కొమ్మలు |
|---|---|---|---|
| అన్ని దృశ్యరూపాల నిష్పత్తి | వస్తుంది, నెమ్మదిగా | వస్తుంది, త్వరగా | వస్తుంది, త్వరగా |
| ఒక్క రకం వంతు | దండగ పని | అన్నిటికంటే మేలు | పర్వాలేదు |
| లోపలి జన్యురూపాలు | కళ్ళెదుటే ఉంటాయి | గుణించి తీయాలి | గుణించి తీయాలి |
| జనకుల్ని కనుక్కోవడం | కష్టం | తేలిక | పర్వాలేదు |
| మూడు లక్షణాలు | వద్దు | పర్వాలేదు | అన్నిటికంటే మేలు |
| కలిసి నడిచే జన్యువులు | పనిచేయించొచ్చు | తప్పు జవాబిస్తాయి | ఇలా రాస్తే తప్పు జవాబే |

ఎవరికి ఏది

పదో తరగతి వాళ్ళు పెద్ద చదరమే గీయండి. చదరం వేసి వివరించమని అడిగినప్పుడు మార్కులు ఆ బొమ్మకే పడతాయి. కానీ గీసే ముందు మార్జిన్‌లో పెన్సిల్‌తో రెండు చిన్న చదరాలు వేసి జవాబు ఎంత రావాలో తెలుసుకోండి. అప్పుడు 6:6:2:2 వచ్చినా కంగారుపడి చెరపరు.

ఎంట్రన్సులకు చదివేవాళ్ళకు ఒక్కో ప్రశ్నకు నిమిషం అటూ ఇటుగా దొరుకుతుంది. ఈఏపీసెట్‌లో మూడు గంటలకు 160 ప్రశ్నలు. అక్కడ పెద్ద చదరం పెట్టుకుంటే ఆ ఒక్క ప్రశ్న ఇంకో రెండిటిని మింగేస్తుంది. గుణకారమే మీ దారి. అయితే భిన్నాలంటే భయం ఉన్న పిల్లలు ఉంటారు, నేను చూశాను. వాళ్ళకు 3/4 × 1/4 దగ్గరే చెయ్యి ఆగిపోతుంది. అలాంటివాళ్ళు భిన్నాలు వదిలేసి 3:1 ని 3:1 తో గుణించినట్టు రాసుకోవచ్చు. మూడు మూళ్ళు తొమ్మిది, మూడొకట్ల మూడు, ఒక మూడు మూడు, ఒకటొకట్ల ఒకటి. అదే 9:3:3:1.

డిగ్రీలోనూ, నైర వ్యవసాయ కాలేజీలోనూ చదివే పిల్లలకు మాత్రం ఇక్కడితో ఆగిపోతే చాలదు. మీ ముందుకు వచ్చేవి పుస్తకం తయారుచేసి పెట్టిన నిష్పత్తులు కావు, పొలంలో లెక్కపెట్టిన అంకెలు.

గుణకారం ఎక్కడ తప్పుతుంది

బేట్‌సన్, పన్నెట్ కలిసి స్వీట్ పీ పూలమొక్కల్లో రెండు లక్షణాలు చూశారు. పువ్వు ఊదారంగా ఎరుపా, పుప్పొడి రేణువు పొడుగా గుండ్రమా. ఊదా, పొడుగు బహిర్గతం, కాబట్టి ఊదాకు P, ఎరుపుకు p, పొడుగుకు L, గుండ్రానికి l అని రాద్దాం. F2 లో 6952 మొక్కలు లెక్కపెట్టారు.

| రకం | 9:3:3:1 ప్రకారం రావాల్సింది | వచ్చింది |
|---|---|---|
| ఊదా, పొడుగు | 3910 | 4831 |
| ఊదా, గుండ్రం | 1304 | 390 |
| ఎరుపు, పొడుగు | 1304 | 393 |
| ఎరుపు, గుండ్రం | 434 | 1338 |

ఇది మెండెల్ గింజల్లాగా అటూ ఇటూ జరిగిన తేడా కాదు, అసలు పొంతనే లేదు. అలాంటప్పుడు మొదట చేయాల్సిన పని లక్షణాల్ని విడదీసి చూడటం. ఊదా మొత్తం 5221, ఎరుపు 1731. భాగిస్తే 3.02. పొడుగు 5224, గుండ్రం 1728. ఇదీ 3.02. అంటే రెండు చిన్న చదరాలూ దేనికది సరైనవే! తప్పు ఉన్నది వాటిని గుణించడంలో. ఆ రెండు జన్యువులూ ఒకే క్రోమోజోము మీద దగ్గర దగ్గరగా ఉన్నాయి, బీజకణంలోకి ఎక్కువగా కలిసే వెళుతున్నాయి. దీన్నే సహలగ్నత అంటారు. స్వతంత్ర వ్యూహన సూత్రం ఇక్కడ పనిచేయదు కాబట్టి గుణకారం కూడా పనిచేయదు.

ఇప్పుడు దాచమన్న పిక్కను బయటికి తీయండి. పెద్ద చదరంలో మనం రోజూ రాసే నాలుగు బీజకణాలూ సమానంగా పడతాయని అనుకుంటూ వచ్చాం. ఇక్కడ అవి సమానం కావు. ఎంత అసమానమో ఆ అంకెల్లోనే ఉంది. ఎరుపు, గుండ్రం మొక్క ppll. అది pl, pl కలిస్తేనే పుడుతుంది, వేరే దారి లేదు. మొత్తం 6952 లో అవి 1338, అంటే 0.1925. దాని వర్గమూలం సుమారు 0.44. కాబట్టి pl బీజకణాలు వందకు 44. దాని జోడీ PL కూడా 44. మిగిలిన 12 లో Pl ఆరు, pL ఆరు.

ఈ అంకెల్ని బీజకణాల పక్కన రాసి పెద్ద చదరం గీయండి. ఈసారి గడిలో జన్యురూపంతో పాటు దాని వంతు కూడా రాయాలి. ఉదాహరణకు ఎరుపు, పొడుగు మొక్కలు వచ్చే గడులు మూడు:

```
pL x pL : 0.06 x 0.06 = 0.0036
pL x pl : 0.06 x 0.44 = 0.0264
pl x pL : 0.44 x 0.06 = 0.0264
మొత్తం  : 0.0564
0.0564 x 6952 = 392
```

వాళ్ళకు వచ్చినవి 393. ఊదా, గుండ్రం కూడా ఇలాగే 392 రావాలి, 390 వచ్చాయి. ఊదా, పొడుగు 4822 రావాలి, 4831 వచ్చాయి. ఎరుపు, గుండ్రం 1346 అవుతుంది, 1338 వచ్చాయి. ఆ ఒక్క అంకె నుంచి తీసిన 0.44 మిగతా మూడు రకాల్నీ ఇంత దగ్గరగా పట్టుకుంది.

అందుకే గుణకారం వచ్చేసిందని పెద్ద చదరాన్ని పూర్తిగా మర్చిపోవద్దని పై క్లాసు పిల్లలకు చెబుతాను. పొలం నుంచి అంకెలు వచ్చినప్పుడు ముందు రెండు లక్షణాలకూ విడివిడిగా 3:1 ఉందో లేదో చూడండి. రెండూ ఉండి, కలిపినప్పుడు 9:3:3:1 రాకపోతే, రెండు అంతర్గత లక్షణాలూ కలిసి ఉన్న గుంపును మొత్తంతో భాగించి వర్గమూలం తీయండి. అది పావు వంతుకు దగ్గరగా ఉంటే జన్యువులు స్వతంత్రంగానే ఉన్నాయి, తేడా యాదృచ్ఛికం కావచ్చు, ఇంకా కొన్ని మొక్కలు లెక్కపెట్టండి. 0.44 లాగా సగం వైపు జరిగితే జన్యువులు జతకట్టి నడుస్తున్నాయి. పావు కంటే బాగా తక్కువ వస్తే కూడా అవి జతకట్టే ఉన్నాయి, కాకపోతే ఈసారి ఒక జనకుడు P, l లను, ఇంకొకరు p, L లను కలిపి తెచ్చారు. అప్పుడు బీజకణాల వరుసలో Pl, pL లకు పెద్ద వంతు వేసి చదరం మొదలుపెట్టాలి.